భాభీ ఈమెయిల్‌ను ‘దిద్దిన’ వాళ్లకు నా జవాబు

ఈసారి కొంచెం గుస్సాతో రాస్తున్నాను, మాఫ్ చేయండి. గుస్సా ఎవరి మీదో కాదు, మన ఖాందాన్ కుర్రాడి మీదే. అందులో సగం నా మీద కూడా.

మా ఖాలా కొడుకు, నేను భయ్యా అని పిలిచే మనిషి, ఒంగోలు దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేసి మొన్నటి చలికాలంలో ఇంతెకాల్ అయ్యారు. మూడు నెలల జీతం బాకీ ఉంది. ఆ బాకీ అడిగితే, ఆయన 60,000 రూపాయలు అడ్వాన్సు తీసుకున్నట్టు ఒక రసీదు స్కాన్ చేసి ఇంటికి పంపారు. దానికి భాభీ తనే ఈమెయిల్ రాశారు. ఆమె పుట్టింది హైదరాబాద్ పాతబస్తీలో, చదివింది ఉర్దూ మీడియం. మా ఒంగోలు వైపు ఇళ్లలో తెలుగే నడుస్తుంది కాబట్టి నికా అయ్యాక నేర్చుకున్నారు. చదవడం, రాయడం పిల్లల వాచకాల పక్కన కూర్చుని పట్టుకున్నారు. ఆమె రాసింది ఇదీ:

“సాబ్ గారికి సలాం. మా వారి ఇంతెకాల్ తర్వాత నా మీద కొండ విరిగి పడింది. నేను ఇద్దత్‌లో ఉన్నాను, అందుకే ఆఫీసుకు రాలేను. మనకు మూడు నెలల జీతం రావాలి. ఏ కాగితం మీరు పంపారో ఆ కాగితం నేను చూశాను. ఆ కాగితం మీద సంతకం మా వారిది లేదు. మా అబ్బాయి అడిగితే అకౌంటెంట్ సాబ్ కళ్లు చూపించారు. మీరు ఇన్సాఫ్ చేస్తారని ఉమ్మీద్ ఉంది.”

పంపే ముందు మా కుర్రాడికి చూపించారు. తెలుగు పండిత ట్రైనింగ్ అయినవాడు, దిల్ మంచిది. గంటసేపు కూర్చుని దిద్దాడు. దిద్దాక అది ఇలా తయారైంది: “గౌరవనీయులైన యజమాని గారికి నమస్కరించి వ్రాయునది. నా భర్త స్వర్గస్థులైన పిమ్మట నేను దుఃఖసాగరంలో మునిగియున్నాను. మైల కారణంగా కార్యాలయమునకు రాలేకపోవుచున్నాను. మాకు మూడు నెలల వేతనము రావలసియున్నది. మీరు పంపిన పత్రముపై నా భర్త సంతకము లేదు. మీ అకౌంటెంటు మా అబ్బాయిని బెదిరించినారు...” నాకు చూపించాడు. నేను పైపైన చదివి “మాషా అల్లాహ్, ఏం రాశావురా” అన్నాను. నా గునాహ్ అదీ.

మూడు రోజులకు జవాబు వచ్చింది, రెండు ముక్కల్లో. “రసీదుపై సంతకం ఉంది. దయచేసి స్కాన్ సరిగా చూడండి.”

వాళ్లది తప్పు కాదు. రసీదు మీద సంతకం ఉంది. భాభీ అన్నది సంతకం లేదని కాదు, ఆ సంతకం భయ్యాది కాదని. ఈ రెంటికీ మధ్య 60,000 రూపాయలు ఉన్నాయి.

ఇది ఎలా జరిగిందో చూడండి. ఉర్దూలో ‘నహీఁ’ ఒక్కటే. మన దఖ్నీలో ‘నైఁ’. “ఉస్పే దస్తఖత్ నైఁ” అంటే దాని మీద సంతకం లేదు. “వో దస్తఖత్ ఉన్కా నైఁ” అంటే ఆ సంతకం ఆయనది కాదు. రెండు చోట్లా ‘నైఁ’ సరిపోతుంది. తెలుగు అక్కడ ఊరుకోదు. వస్తువు ఉనికిని కాదనడానికి ‘లేదు’, అది ఫలానాది అన్న మాటను కాదనడానికి ‘కాదు’ అని రెండుగా విడగొడుతుంది. ఉర్దూ ఇంటి నుంచి వచ్చినవాళ్లు తెలుగులో ఎక్కువగా జారే మెట్టు ఇదే. “ఇది మా ఇల్లు లేదు”, “నేను డాక్టర్ లేదు” అని మన ఇళ్లలో ఎంతమంది అనరు?

“సంతకం మా వారిది లేదు” అన్న వాక్యం తెలుగు చెవికి కాస్త కుంటుతుంది. ఆ కుంటే చోట ఆగి “భాభీ, సంతకమే లేదా, ఉన్నది ఆయనది కాదా?” అని అడగాల్సింది. మావాడు అడగలేదు. కుంటు కనపడకుండా నున్నగా రుద్దేశాడు. ‘మా వారిది’ని ‘నా భర్త’ చేసి, ‘సంతకము’ పక్కకు జరిపి, ‘లేదు’ని అలాగే ఉంచాడు. అప్పటిదాకా తప్పుగా ఉన్నా అనుమానం రేపే వాక్యం కాస్తా వ్యాకరణం ప్రకారం నిక్కచ్చిగా ఉన్న అబద్ధం అయిపోయింది. భాభీ వాక్యం అలాగే వెళ్లి ఉంటే చదివినవాడు కనీసం ఒకసారి తల గోక్కునేవాడు. దిద్దిన వాక్యం ఆ మౌకా కూడా తీసేసింది.

ఇక ‘కళ్లు చూపించారు’. ‘ఆంఖేఁ దిఖానా’ని మాటకు మాట తెలుగులోకి దించారు ఆమె. తెలుగువాడికి అది కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టు వినిపిస్తుంది. ఇది దిద్దాల్సిందే, నాకు షక్ లేదు. కానీ దేనిగా? మావాడు ‘బెదిరించినారు’ అని పెట్టాడు. నేను తర్వాత ఫోన్‌లో అడిగితే భాభీ “తౌబా, బెదిరించలేదు, గుడ్లురిమి చూశారంతే” అన్నారు. అంటే ఆమె వేయని ఇల్జామ్ ఆమె పేరుతో వెళ్లిపోయింది. బాకీ వసూలు చేసుకోవాల్సిన ఆఫీసులోనే ఒక దుష్మన్‌ను తయారు చేశాం. ‘కోపంగా చూశారు’ అంటే సరిపోయేది.

అదే ‘కొండ విరిగి పడింది’ చూడండి. ‘పహాడ్ టూట్ పడా’ నుంచి వచ్చింది. తెలుగులో ఇలాంటి చోట పిడుగు పడిందంటారు. అయినా ఈ మాట ఎవరికి అర్థం కాదు? క్వారీల మధ్య బతికిన మనిషి భార్య కొండ విరిగి పడిందని రాస్తే అది ఆమె మాట. దాన్ని తీసి దుఃఖసాగరంలో ముంచడానికి మనమెవరం? “ఏ కాగితం మీరు పంపారో ఆ కాగితం” కూడా అంతే. ‘జో’, ‘వో’ నడక అది. కానీ తెలుగు వ్యాకరణం దాన్ని తప్పనదు, ‘ఏ’ తో మొదలై ‘ఓ’ తో ముగిసి ‘ఆ’ అందుకోవడం తెలుగులో ఉన్నదే. ‘మీరు పంపిన కాగితం’ పొట్టిగా ఉంటుంది, నిజమే. పొడుగ్గా ఉండడం గలతీ కాదు.

కుర్రాడికి ఇవ్వాల్సిన దాద్ ఒకటుంది. ‘మనకు’ని ‘మాకు’ చేశాడు. ఉర్దూ ‘హమ్’లో ఎదుటివాడు ఉన్నాడా లేడా అన్నది తేలదు. తెలుగు ‘మనం’ ఎదుటివాణ్ని కూడా కలుపుకుంటుంది. యజమానికి “మనకు జీతం రావాలి” అని రాస్తే ఆయనకు కూడా రావాలన్నట్టు. అది దిద్దడం వాజిబ్, దిద్దాడు, సరే. అంటే వాడికి భాష తెలియక కాదు ఇదంతా జరిగింది.

నాకు అసలు మంట ‘స్వర్గస్థులు’, ‘మైల’ దగ్గర. ఇంతెకాల్ తెలియని యజమాని ఒంగోలులో ఉంటాడా? సరే, తెలియకపోతే ‘చనిపోయారు’ అను. ఇద్దత్ అన్న మాట ఆయనకు కొత్త కావచ్చు, అది నేను ఒప్పుకుంటాను. అలాంటి మాట పక్కన ఊతకర్ర పెట్టాలి, మాటను చంపకూడదు. ‘మైల’ అనేది వేరే ఇంటి రివాజు. దాని రోజులు వేరు, అర్థం వేరు. పదకొండో రోజో పన్నెండో రోజో దాటాక ఆ ఆఫీసులో ఎవరో “ఇంకా మైల ఏమిటి, మనిషిని రమ్మనండి” అంటే ఏం జవాబు చెప్తాం? ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ఆమె రాలేకపోవడానికి ఉన్న ఒకే ఒక్క కారణాన్ని దిద్దుబాటు తప్పుడు కారణంగా మార్చింది.

ఇందులో తమాషా ఏమిటంటే మావాడు ‘ఇన్సాఫ్’ని ‘న్యాయం’ చేశాడు, ‘ఉమ్మీద్’ని ‘ఆశ’ చేశాడు, ఈమెయిల్ పైన మాత్రం ‘బాకీ వసూలు నిమిత్తం దరఖాస్తు’ అని రాశాడు. బాకీ, వసూలు, దరఖాస్తు ఎక్కడివి బాబూ? రసీదు, జవాబు, తారీఖు, వకీలు, మంజూరు ఎక్కడివి? ఇలాంటి మాటలు తెలుగులో ఎంతగా ఇమిడిపోయాయంటే వాటికోసం బ్రౌన్ దొర 19వ శతాబ్దంలోనే మిశ్రభాషా నిఘంటువు వేశాడు. కచేరీలోకి వచ్చిన మాటలు తెలుగు, భాభీ నోట్లోంచి వచ్చిన మాటలు తప్పు. ఇదెక్కడి ఇన్సాఫ్?

ఇంకోవైపు కొందరున్నారు, వాళ్లకూ ఒక మాట. “మా యాస మా హక్, ఒక్క అక్షరం ముట్టుకోవద్దు” అంటారు. సభల్లో బాగుంటుంది. ‘లేదు’ని ‘కాదు’ చేయకపోతే పోయేది భాభీ పిల్లల ఫీజు. ఆమె అడిగింది తన యాసను కాపాడమని కాదు, తన మాట అవతలివాడికి చేరేలా చూడమని.

రెండోసారి ఇలా చేశాం. నేను ఆమె మొదటి ఈమెయిల్‌నే తెరిచాను, మావాడి దాన్ని పక్కన పెట్టేశాను. ఫోన్‌లో ఒక్కో వాక్యం ఆమెతోనే చదివించాను. అనుమానం వచ్చిన చోటల్లా “ఇది దఖ్నీలో ఎలా అంటారు?” అని అడిగాను. అర్థం మారిపోయే చోటే చెయ్యి పెట్టాను. చివర్లో మొత్తం పైకి చదవమన్నాను, తను నోటితో అనని మాట ఏదైనా తగిలితే కొట్టేయమన్నాను. నేను పెట్టిన ‘నిరాకరిస్తున్నాను’ అక్కడ కొట్టివేతకు గురైంది. బాగా చేశారు. వెళ్లింది ఇదీ:

“సాబ్ గారికి సలాం. మా వారి ఇంతెకాల్ తర్వాత నా మీద కొండ విరిగి పడింది. నేను ఇద్దత్‌లో ఉన్నాను, అంటే భర్త పోయాక మాలో ఆడవాళ్లు నాలుగు నెలల పది రోజులు చాలా అవసరమైతే తప్ప ఇల్లు దాటరు. అందుకే ఆఫీసుకు రాలేను. మాకు మూడు నెలల జీతం రావాలి. ఏ కాగితం మీరు పంపారో ఆ కాగితం నేను చూశాను. ఆ కాగితం మీద ఉన్న సంతకం మా వారిది కాదు. మా అబ్బాయి అడిగితే అకౌంటెంట్ సాబ్ కోపంగా చూశారు. బెదిరించారని ముందు ఈమెయిల్‌లో ఉంది, అది నా మాట కాదు. మీరు ఇన్సాఫ్ చేస్తారని ఉమ్మీద్ ఉంది.”

లెక్కపెట్టుకోండి ఎన్ని మాటలు మారాయో. పాత ఈమెయిల్ చేసిన నుక్సాన్‌ను సరిచేసే వాక్యం ఒకటి అదనంగా పెట్టాల్సి వచ్చింది, అది మా ఖర్చు.

మర్నాడే యజమాని ఫోన్ చేయించారు. భయ్యా పాత సంతకం ఉన్న కాగితం ఏదైనా ఉంటే పంపమన్నారు, పోల్చి చూస్తామన్నారు. డబ్బు ఇంకా రాలేదు, ఇన్షా అల్లాహ్ చూద్దాం. భాభీ బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో తీసి, కింద ఒక వాక్యం రాసి, పంపే ముందు నాకు చదివి వినిపించారు: “ఈ సంతకం మా వారిది ఉంది.” ‘హై’ మళ్లీ ‘ఉంది’ అయి కూర్చుంది. నేను నోరు తెరిచేలోపే ఆమే ఆగి “ఠహరో, ఇక్కడ ‘ఉంది’ వద్దు కదా?” అన్నారు.