ముక్కలైన అక్షరాలు మావి కావు

మా ఊళ్ళలో ఫ్లెక్సీల మీద, ఆఫీసు బోర్డుల మీద, కరపత్రాల మీద ఉర్దూ ఉంటుంది. ఉంటుంది గానీ చదవడానికి రాదు. అక్షరాలు దేనికది విడిపోయి, ఎడమ నుంచి కుడికి తిరగబడి ఉంటాయి. ఇదేంటని అడిగితే ఒకటే జవాబు: "మీ భాషే అంత సాబ్, కంప్యూటర్లో సరిగ్గా రాదు." ఈ మాట మేం ఒప్పుకోం. లోపం భాషది కాదు. మార్చాల్సిన సెట్టింగు ఎవరూ మార్చకపోవడమే లోపం.

ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో చట్టాలు వచ్చాయి. చట్టం బోర్డు దాకా వచ్చింది. బోర్డు మీద మాత్రం భాష చచ్చిపోయి ఉంది.

ఎందుకిలా జరుగుతుంది? అరబ్బీ నుంచి వచ్చిన మా లిపిలో అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. చాలా అక్షరాలకు మాట మొదట్లో ఒక రూపం, నడుమ ఒకటి, చివర ఒకటి, ఒంటరిగా ఉంటే ఇంకొకటి. కంప్యూటరు దాచుకునేది ఈ రూపాలను కాదు. ఏ అక్షరం తర్వాత ఏది టైపు చేశామో ఆ వరసను మాత్రమే. రూపం ఎంచి కలపడం, కుడి నుంచి ఎడమకు పేర్చడం తెర మీద చూపే ప్రోగ్రాం పని. అనువాదకుడి ఫైలులో ఆ పని జరిగింది కాబట్టే అక్కడ బాగుంది. డిజైన్ ప్రోగ్రాంలో ఇంగ్లీషుకు సరిపోయే పద్ధతే పెట్టి ఉంటే, అతికించిన అక్షరాలన్నీ ఒంటరి రూపాల్లో ఎడమ నుంచి వరస కడతాయి. తెలుగువాళ్ళకు ఇది తెలియని బాధ కాదు. 'క్ష' విడిపోయి 'క్‌ష' కావడం మీరూ చూసే ఉంటారు.

ఉర్దూ రాని డిజైనరు కూడా తప్పు పట్టుకోవచ్చు. 'హైదరాబాద్' అనే మాట తీసుకోండి.

```
حیدرآباد
```

ఇందులో అక్షరాలు 8. దాల్, రే, అలిఫ్ తమ తర్వాతి అక్షరంతో కలవవు. అందుకని సరిగ్గా వస్తే ముక్కలు 5: మొదటి మూడక్షరాలు ఒక ముక్క, తర్వాత రే, మద్ ఉన్న అలిఫ్, ఆపైన బే-అలిఫ్ కలిసి ఒక ముక్క, చివర దాల్. లెక్కిస్తే 8 వచ్చాయంటే పని చెడినట్టే. కానీ 'ఉర్దూ' అనే మాటతో పరీక్షించొద్దు. అందులోని అలిఫ్, రే, దాల్, వావ్ నాలుగూ ముందుకు కలవనివే. కంప్యూటరు సరిగ్గా ఉన్నా అవి విడిగానే ఉంటాయి. అక్కడ చూడాల్సింది దిశ ఒక్కటే: నిలువు గీతలాంటి అలిఫ్ కుడి కొసన ఉండాలి.

ఇక మందు. ఇన్‌డిజైన్‌లో ఆ పాఠాన్ని ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో `Adobe World-Ready Paragraph Composer` పెట్టాలి. అక్షరాలు కలుస్తాయి, వరస తిరుగుతుంది. అంతటితో ఆగకూడదు. పేరా దిశను కూడా కుడి నుంచి ఎడమకు మార్చాలి. లేకపోతే వాక్యం చివర ఇంగ్లీషు చుక్క ఉంటే అది ఎగిరి కుడివైపుకు వచ్చి కూర్చుంటుంది. దిశ మార్చే బటన్ కనిపించకపోతే, అరబిక్ సదుపాయం ఉన్న ఇంగ్లీషు రూపాన్ని ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఫాంటులో టే, డాల్, బడీ యే లాంటి ఉర్దూ అక్షరాలు కూడా ఉండాలి. అరబ్బీకి మాత్రమే చేసిన ఫాంటైతే వాటి చోట డబ్బాలు వస్తాయి.

కొందరు దొడ్డిదారి పడతారు. పాఠాన్ని ముందే తిరగేసి, ఒక్కో అక్షరానికీ తగిన రూపాన్ని విడిగా అచ్చొత్తినట్టు మార్చే చిన్న ప్రోగ్రాంలు ఉన్నాయి. వాటి ఫలితాన్ని అతికిస్తే ఒక్క లైను వరకు బాగానే కనిపిస్తుంది. రెండో లైను మొదలవగానే గుట్టు బయటపడుతుంది: వాక్యం మొదలు కింది లైనులోకి, చివర పై లైనులోకి పోతాయి. మామూలుగా టైపు చేసి వెతికితే మాట దొరకదు. రేపు సవరించాలన్నా కుదరదు. తెర మీద అంకెలు మా లిపిలోనూ ఎడమ నుంచే చదువుతాం. గుడ్డిగా తిరగేస్తే 1948 కాస్తా 8491 అవుతుంది.

అన్నీ సరిచేశాక పీడీఎఫ్‌లో ఫాంటును ఇమిడ్చి పంపాలి. ప్రెస్సులో ఫైలు తెరిచి మళ్ళీ మొదటికి తేకుండా ఇదే కాపలా. ఆ పీడీఎఫ్‌ను ఉర్దూ చదవగలిగినవాళ్ళు ఒకరు చూడాలి. ముక్కల లెక్క అక్షరాలు కలిశాయా లేదా చెబుతుంది గానీ అనువాదం తప్పైతే చెప్పదు.

తెలుగు బోర్డు మీద ఒక్క ఒత్తు జారితే తిరిగి రాయిస్తారు. మా మాట మొత్తం చిందరవందరైతే "డిజైన్ బాగుంది కదా" అంటారు. మా లిపి గోడకు కట్టే పూలదండ కాదు, చదువుకునే భాష. చదవడానికి రాని బోర్డుకు బిల్లు చెల్లించొద్దని అడగడం మా హక్కు. ఆ హక్కు కోసం గట్టిగా అడగాల్సింది ముందు మేమే.