నాలుగు ముద్దలకే కడుపు నిండితే

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు షుగర్ ఉందని తేలగానే ఇంట్లో మొదట మారేది రాత్రి భోజనం. అన్నం పోయి జొన్నరొట్టె వస్తుంది. చాలామందికి అది మంచి మార్పే. కానీ ఏళ్ల తరబడి షుగర్‌తో ఉన్నవాళ్లలో కొందరికి ఆ రొట్టే భారమవుతుంది. సగం తినేసరికి కడుపు నిండిపోతుంది, తిప్పుతుంది. పొద్దున వాంతి అయితే రాత్రి తిన్నది తిన్నట్టే పడుతుంది. గ్యాస్ అనుకుని గోలీ వేసుకుంటారు. ఆ గోలీ ఆమ్లాన్ని తగ్గిస్తుంది తప్ప పొట్టను కదిలించదు. వీళ్లకు కావలసింది తిండి రూపంలో మార్పు.

పొట్ట కింది భాగం ఇసుర్రాయిలా పనిచేస్తుంది. గట్టి తిండిని ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలయ్యేదాకా నూరి, కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. ఈ పనిని నడిపించే నరాల్లో ముఖ్యమైనది వేగస్. ఏళ్లపాటు షుగర్ అదుపు తప్పితే అరికాళ్ల నరాలు దెబ్బతిన్నట్టే ఇదీ దెబ్బతింటుంది. అప్పుడు నూరడం మందగించి, తిన్నది గంటల తరబడి పొట్టలోనే ఉండిపోతుంది. వైద్యులు దీన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. నీళ్లలాంటి పదార్థాలకు నూరే పని లేదు కాబట్టి అవి చాలావరకు దిగిపోతాయి. పీచు, నూనె మాత్రం ఆలస్యాన్ని పెంచుతాయి. పీచు ఎక్కువైతే పొట్టలో ఉండలా కూడా కట్టవచ్చు.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పదిహేనేళ్లుగా షుగర్ ఉన్న ఒక రైతు రాత్రి ఎనిమిదింటికి సూది వేసుకుని రెండు రొట్టెలు, పప్పు తిన్నాడనుకుందాం. తొమ్మిదింటికి సూది పని మొదలైంది, రొట్టె ఇంకా పొట్టలోనే ఉంది. చెమటలు పట్టి చేతులు వణికాయి, మీటర్‌లో 62 చూపింది. అర్ధరాత్రి దాటాక రొట్టె అరగడం మొదలైంది, తెల్లారేసరికి షుగర్ 280. పైకి చూస్తే పథ్యం తప్పినట్టు కనిపిస్తుంది, మోతాదు పెంచాలనిపిస్తుంది. పెంచితే రాత్రి షుగర్ ఇంకా పడిపోతుంది. తిన్న గంటకు పడిపోయి, నాలుగైదు గంటలకు ఎగబాకే ఈ వరుసే ఒక ఆనవాలు. మీటర్ అంకెలను వేళతో సహా రాసి డాక్టరుకు చూపిస్తే, సూదిని భోజనం తర్వాతకు మార్చాలా, మోతాదు మార్చాలా అన్నది ఆయన తేలుస్తారు. షుగర్ పడిపోయినప్పుడు బిస్కెట్లు, లడ్డూ కాకుండా గ్లూకోజ్ నీళ్లో పంచదార నీళ్లో తాగాలి.

ఇక తిండి సంగతి. జొన్నను మానాల్సిన పనిలేదు. పిండిని సన్నగా జల్లించి, పలుచగా కాచి, చల్లార్చి మజ్జిగ కలిపితే అంబలి అవుతుంది. రొట్టెను నూరలేని పొట్ట దాన్ని తేలిగ్గా దింపుకుంటుంది. మూడు పూటల తిండిని ఐదారుసార్లుగా, ప్రతిసారీ ఒక చిన్న గిన్నెడు తినాలి. పొద్దున అంబలి, పదింటికి రెండు చిన్న ఇడ్లీలు, మధ్యాహ్నం మెత్తటి అన్నంలో పెసరపప్పు కట్టు, తొక్కా గింజా తీసిన ఆనిగెపుకాయ కూర, సాయంత్రం పలుచని మజ్జిగ, ఏడింటికల్లా మళ్లీ మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు. మునగకాయ, చిక్కుడు, మొలకలు, పచ్చి కూరముక్కలు, తొక్కతో జామ, నూనెలో వేయించిన సకినాలు ఆపాలి. బాగా నమిలి తిని, తిన్నాక గంట రెండు గంటలు పడుకోకుండా, వీలైతే మెల్లగా నడవాలి. మెత్తటి తిండితో షుగర్ ఎంత పెరుగుతుందో మీటర్‌తో చూసుకోవాలి. పొట్ట ఇబ్బంది లేనివాళ్లు జొన్నరొట్టెను వదలకూడదు, ఈ పథ్యం వాళ్లది కాదు.

కడుపులో తిప్పడానికి కారణాలు వేరే ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్‌తోనూ కొందరికి తిప్పుతుంది. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ సూదులు పొట్టను నెమ్మది చేస్తాయి. అందుకే వేసుకునే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. మొదట ఎండోస్కోపీతో పుండు, గడ్డ, అడ్డంకి లేవని తేల్చుకోవాలి. ఆ తర్వాత చేసే స్కాన్‌లో కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం కలిపిన తిండి పెట్టి నాలుగు గంటలు గమనిస్తారు. అప్పటికీ పదో వంతు కంటే ఎక్కువ పొట్టలో మిగిలితే జబ్బు ఉన్నట్టు. ఇది హైదరాబాద్ నిమ్స్ లాంటి, న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న ఆసుపత్రుల్లో జరిగే పరీక్ష. పొట్టను కదిలించే మెటోక్లోప్రమైడ్‌ను నెలల తరబడి సొంతంగా వాడితే నోరు, నాలుక, ముఖం వాటంతటవే కదిలే జబ్బు రావచ్చు, అది ఒక్కోసారి తగ్గదు కూడా.

వాంతులు ఆగకపోయినా, రక్తం పడినా, బరువు తగ్గుతున్నా పథ్యంతో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. షుగర్ ఉన్న పెద్దవాళ్లు నాలుగు ముద్దలకే చెయ్యి కడుక్కుంటుంటే 'ఇంకొంచెం తిను' అని బలవంతపెట్టకండి. ఎప్పటినుంచి ఇలా ఉందో అడిగి, ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు షుగర్ అంకెలతో పాటు ఈ మాట కూడా తప్పకుండా చెప్పండి.