నూట ఎనభై కిలోలు ఎక్కడ పోయాయి?

ఇంటికి తెప్పించిన స్టీలు తూకం తగ్గితే యజమాని దుకాణదారుకు రాసే ఉత్తరంలో కోపం నిండుగా ఉంటుంది, అంకెలు మాత్రం ఉండవు. ‘మీరు తక్కువ తూచారు, మమ్మల్ని మోసం చేశారు’ అని ఉంటుంది. దానికి జవాబు చెప్పడం వ్యాపారికి కష్టం కాదు. మా కాటా సరిగ్గానే ఉంది, మీ కాటాలో తేడా ఉందేమో అంటాడు. రాడ్లన్నీ వచ్చాయి కదా, లెక్కపెట్టుకోండి అంటాడు. అదీ కాకపోతే ఐఎస్ఐ వాళ్లే అంత తరుగు ఒప్పుకున్నారు అంటాడు. ఈ మూడు జవాబులకూ ముందే చోటు లేకుండా చేసేదే పనికొచ్చే ఉత్తరం. అలాంటిది రాయాలంటే ఎంత తగ్గిందో తెలిస్తే చాలదు, ఎలా తగ్గిందో కూడా తెలియాలి.

బిలాస్‌పూర్‌లో ఇది తరచూ వచ్చే తగవే. రైల్వే కొలువులకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి తరాలుగా అక్కడే ఉండిపోయిన మనవాళ్లు చాలామంది రిటైరైన డబ్బుతో, క్వార్టర్ ఖాళీ చేసే వేళకు ఇల్లు మొదలుపెడతారు. స్టీలుకు అక్కడ కొరత లేదు. ఒకపక్క భిలాయ్ కర్మాగారం ఉంది, మరోపక్క రాయ్‌పూర్ దగ్గర సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడల్లో రోలింగ్ మిల్లులు వరసగా ఉన్నాయి. ఊళ్లోని దుకాణాలు ఆ సరుకును రెండు రకాలుగా అమ్ముతాయి. బండిని ధర్మకాటా ఎక్కించి వచ్చిన బరువుకు బిల్లు వేయడం ఒకటి. రాడ్లు లెక్కపెట్టి, ఒక్కో సైజుకు పుస్తకంలో ఉన్న బరువుతో గుణించి కిలోలు రాయడం రెండోది. చిక్కు ఈ రెండో పద్ధతిలోనే ఉంది. బిల్లు మీద ఉన్నవి కిలోలే అయినా వాటిని ఏ కాటా మీదా తూచి ఉండరు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఊహించిన లెక్కే కానీ, కొలతలన్నీ ఈ సరుకుకు ఉండేవే. 12 ఎంఎం రాడ్లు 200, 8 ఎంఎం రాడ్లు 200, ఒక్కోటి 12 మీటర్లు. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎంకు దాదాపు 888 గ్రాములు, 8 ఎంఎంకు 395 గ్రాములు. ఆ లెక్కన 12 ఎంఎంకు సుమారు 2,132, ఎనిమిదికి 948, మొత్తం 3,080 కిలోలని బిల్లు వచ్చింది. దించకముందే బండిని వేరే ధర్మకాటా ఎక్కించి, దించాక ఖాళీ బండిని మళ్లీ అక్కడే తూయిస్తే సరుకు 2,900 కిలోలు తేలింది. అంటే తరుగు 180 కిలోలు. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయి, కాటా చీటీ జతచేసి ఉత్తరం రాసేస్తారు.

అయితే ఆ చీటీ ఒక్కటే ఏమీ తేల్చదు. 12 ఎంఎం రాడ్లు 200కు బదులు 183 వచ్చినా తరుగు దాదాపు ఇంతే ఉంటుంది, ఎందుకంటే 17 రాడ్లు 181 కిలోలు. రాడ్లన్నీ వచ్చి, ఒక్కోటీ సన్నగా ఉన్నా ఇంతే. మొదటిది ఎత్తేటప్పుడు జరిగిన లోపం, దానికి దుకాణమో లారీయో జవాబు చెప్పాలి. రెండోది మిల్లులోనే మొదలై దుకాణం బిల్లులో స్థిరపడిన లోపం. రెంటినీ వేరుచేయడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. దించేటప్పుడు సైజుల వారీగా లెక్కపెట్టాలి. చిన్న బండ్లలో రాడ్లను మధ్యకు మడిచి తెస్తారు కాబట్టి నాలుగైదింటిని టేపు పెట్టి చివరి నుంచి చివరి దాకా కొలవాలి, 12 మీటర్లు ఉన్నాయో లేదో చూడాలి. ఆ తర్వాత వేరువేరు కట్టల్లోంచి ఒక్కో సైజుకు నాలుగైదు రాడ్లు తీసి, కచ్చితంగా మీటరు ముక్కలు కోసి, గ్రాములు చూపించే కాటా మీద పెట్టాలి. మన లెక్కలో రాడ్ల సంఖ్య సరిపోయింది, పొడవూ సరిపోయింది. మీటరు ముక్కలు మాత్రం 888కి బదులు 840 గ్రాములు, 395కి బదులు 368 గ్రాములు తూగాయి. వాటితో మళ్లీ గుణిస్తే మొత్తం 2,899 కిలోలు. ధర్మకాటా చూపింది 2,900. ఒకదాంతో ఒకటి సంబంధం లేని రెండు దారుల్లో వెళ్లినా ఒకే అంకె రావడమే ఈ ఉత్తరానికి అసలు బలం.

‘మీ కాటాలో తేడా’ అన్న మాట ఇక నిలవదు. నిజానికి ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయకూడదు కూడా. ధర్మకాటాలు మామూలుగా పది కిలోల అంచెలుగా చూపిస్తాయి. ఐదారు టన్నుల బండికి, వాడకంలో ఉన్న కాటా మీద, ఇరవై కిలోల వరకు తేడాను నియమాలే సహిస్తాయి. ఖాళీ బండి తూకంలో మరో పది కలుపుకున్నా ముప్పై దాటదు. నూట ఎనభై రావాలంటే మనుషుల చెయ్యి ఉండాలి. నిండు బండి తూచేటప్పుడు ఇద్దరు కూలీలు క్యాబిన్‌లో కూర్చుని, ఖాళీ బండి తూచేటప్పుడు కిందికి దిగితే నూట ఇరవై కిలోలు సరుకు ఖాతాలో చేరిపోతాయి. నడుమ వంద లీటర్ల డీజిల్ కొట్టిస్తే ఎనభై కిలోల పైనే అటూ ఇటూ అవుతుంది. అందుకే రెండు తూకాలూ ఒకే కాటా మీద, ఒకే రోజు, డ్రైవరు ఒక్కడితోనే జరగాలి, చీటీల మీద బండి నంబరూ సమయమూ పడాలి. ఆ బండి నంబరే బిల్లు మీదో ఈ-వే బిల్లు మీదో ఉంటే అది ఫలానా సరుకేనని వేరే రుజువు అక్కర్లేదు.

అన్నిటికంటే గట్టిగా వినిపించే జవాబు ఐఎస్ఐ తరుగు. ఇందులో సగం నిజం ఉంది, సగం నిజం కాబట్టే జనం నోరు మూతపడుతుంది. ఈ రాడ్లకు వర్తించే ఐఎస్ 1786 ప్రమాణం మీటరు బరువులో హెచ్చుతగ్గులకు చోటిచ్చిన మాట వాస్తవం. ఒక బ్యాచ్ మొత్తం మీద 10 ఎంఎం వరకు ఏడు శాతం, ఆపైన 16 ఎంఎం వరకు ఐదు శాతం, ఇంకా లావు రాడ్లకు మూడు శాతం. మన 8 ఎంఎం రాడ్డు 6.8 శాతం తక్కువ, అంటే గీత లోపలే ఉంది. కానీ ఆ గీత దేనికి? మిల్లులో రోలర్లు అరుగుతాయి, ప్రతి రాడ్డూ అచ్చుగుద్దినట్టు రాదు. కాబట్టి ఇంత సన్నబడినా దాన్ని 8 ఎంఎం అని పిలవవచ్చని ప్రమాణం చెబుతోంది. ఆ రాడ్డును తూచకుండానే తూచినట్టు బిల్లు రాయవచ్చని ఎక్కడా చెప్పలేదు. 368 గ్రాముల ముక్క 8 ఎంఎం రాడ్డే, అయినా అది 395 గ్రాములు కాదు. దుకాణదారు మిల్లు దగ్గర అసలు తూకానికి కొని, పుస్తకం తూకానికి అమ్మితే ఆ నడుమ తేడా మొత్తం ఆయన జేబులోకే వెళుతుంది. ప్రమాణం మిల్లుకిచ్చిన వెసులుబాటును దుకాణం తన లాభంగా మార్చుకోవడం అది. పైగా మన 12 ఎంఎం రాడ్డు 5.4 శాతం తక్కువ, గీత దాటింది. ఇంటి దగ్గర కోసిన నాలుగు ముక్కలు బ్యాచ్ పరీక్షతో సమానం కావు కాబట్టి ‘ఈ సరుకు ప్రమాణానికి తగ్గింది’ అని ఉత్తరంలో తీర్పు చెప్పకూడదు. ‘కట్టకు ఉన్న ట్యాగు ఇదీ, మిల్లు టెస్టు సర్టిఫికెట్ పంపండి’ అని మాత్రం అడగాలి. అడిగిన కాగితం రాకపోతే అదీ ఒక సాక్ష్యమే.

ఇక్కడ ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. బిల్లులో కిలోలు లేకుండా, రాడ్డుకు ఇంత అని ధర రాసి ఉంటే కిలోల పేరుతో డబ్బు అడగడం కష్టం. అలాగే 2,900 కిలోలకే బిల్లు వచ్చి ఉంటే సన్నరాడ్ల వల్ల డబ్బు నష్టం లేదు, అప్పుడు అది ఇంజనీరు చూడాల్సిన విషయం. అందుకే బేరం కుదిరినప్పుడే ‘ధర్మకాటా తూకానికి’ అని కొటేషన్ మీద రాయించుకోవాలి. ఈ తగవుల్లో సగం ఆ రెండు మాటలు లేకపోవడం వల్లే పుడతాయని నా అభిప్రాయం.

చట్టం ఈ విషయంలో చాలా సూటిగా ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 37వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్నదానికంటే తక్కువ సరుకు వస్తే కొన్నవాడు తిప్పి పంపవచ్చు. ఉంచుకుంటే, వచ్చినంతకే ఒప్పుకున్న ధర చొప్పున ఇవ్వాలి. ఇల్లు కట్టేవాడికి రెండోదే మేలు, పని ఆగదు. తక్కువ తూచి ఇవ్వడం 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 30వ సెక్షన్ కింద నేరం కూడా. చలాన్ మీద సంతకం పెట్టారు కదా అంటే, రాడ్లు అందాయన్న సంతకం తూకం సరిపోయిందన్న సంతకం కాదు. అయినా పక్కనే ‘తూకం చూడాల్సి ఉంది’ అని రాసి సంతకం పెడితే ఆ వాదనకే తావుండదు. ఆలస్యం మాత్రం చేయకూడదు. సరుకు చాలాకాలం ఉంచుకుని కిక్కురుమనకపోతే ఒప్పుకున్నట్టేనని అదే చట్టం 42వ సెక్షన్ అంటుంది. బార్‌బెండర్ వచ్చి రింగులు వంచడం మొదలుపెట్టాక లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు కూడా. తుప్పు పట్టి బరువు తగ్గిందన్న సాకు ఒకటి వినపడుతుంది. కొత్త రాడ్ల మీది పల్చటి తుప్పు ఐదారు శాతం బరువును తినెయ్యదు.

ఇక ఉత్తరం. బిలాస్‌పూర్‌లో అది హిందీలో ఉండాలి, చదవాల్సినవాడి భాష అదే. ఒక పేజీ దాటకూడదు. ‘ఫలానా తేదీ ఫలానా నంబరు బిల్లు ప్రకారం 3,080 కిలోలకు మేము డబ్బు కట్టాం. అదే రోజు ధర్మకాటా మీద 2,900 కిలోలు తూగింది. 12 ఎంఎం, 8 ఎంఎం రాడ్లు చెరి 200 వచ్చాయి, పొడవు సరిగ్గా ఉంది. మీటరు బరువు 840, 368 గ్రాములు. ముక్కలు దాచి ఉంచాం, మీ మనిషి వచ్చి మా ఎదుట తూచుకోవచ్చు. తగ్గిన 180 కిలోలకు బిల్లు ధరతో, పన్నుతో సహా సొమ్ము గాని, అంత సరుకు గాని వారంలోగా ఇప్పించండి.’ మోసం అన్న మాట ఎక్కడా లేదు, అవసరమూ లేదు. కిలో 55 రూపాయలనుకుంటే 9,900, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,782, మొత్తం 11,682 రూపాయలు. ధర పెరిగి ఉంటే సొమ్ము కంటే సరుకే అడగడం తెలివైన పని. ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తెచ్చుకోవాలి.

ఇంకా స్లాబు స్టీలు తేవాల్సి ఉంది, చిన్న ఊళ్లో గొడవెందుకు అనే పెద్దమనుషులు ఉంటారు. నా లెక్కలో గొడవ పెట్టేది ఫోన్‌లో అరుపులు, ఉత్తరం కాదు. దుకాణదారుకు పరువుగా బయటపడే దారి కూడా ఇందులో ఉంది. సరుకు తగ్గిందని క్రెడిట్ నోట్ ఇస్తే ఆ మేరకు ఆయన జీఎస్టీ కూడా సర్దుబాటవుతుంది, చేతి నుంచి పన్ను పోదు. బిల్లు మేస్త్రీ పేరనో కాంట్రాక్టరు పేరనో ఉంటే మాత్రం యజమాని అడగాల్సింది దుకాణాన్ని కాదు, ఆ కాంట్రాక్టరునే.

వారం గడిచినా జవాబు లేకపోతే ఒక కాపీ జిల్లా తూనికలు కొలతల శాఖకు ఇవ్వాలి. అక్కడ దాన్ని నాప్‌తౌల్ విభాగ్ అంటారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. సొంతంగా ఉండడానికి ఇల్లు కట్టుకునేవాడు వినియోగదారుడే. దుకాణం ఎక్కడున్నా సరే, తాను ఉంటున్న జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోగా కేసు వేయవచ్చు. కట్టిన ధర ఐదు లక్షల లోపయితే రుసుము లేదు.