బామ్మ చీటీ

పిల్లలూ, చీటీపాట అన్న మాట మీ ఇళ్ళలో వినే ఉంటారు. గోపి అదేమిటో ఇలా తెలుసుకున్నాడు.

బామ్మ చాపమీద నోట్లు లెక్కపెడుతున్నది. "ఇదంతా నీదేనా, బామ్మా?" అని గోపి అడిగాడు.

"కాదురా. పదిమందిమి నెలకు 500 రూపాయల చొప్పున పది నెలలు వేసే చీటీ. ప్రతినెలా 5,000 పోగవుతుంది. నెలకొకరు తీసుకుంటారు. చీటీ నడిపేదాన్ని గనక మొదటి నెల నాది. ఈ నెల పాట పెట్టాం. సీతమ్మకు కుట్టుమిషను కొనాలిట. 500 వదులుకుంటానని పాడింది. అంతకు మించి ఎవరూ పాడలేదు. ఆమెకు 4,500 వస్తుంది. ఆ 500 పదిమందికీ పంచితే?"

"తలా 50!"

"అందుకే ఈ నెల అందరమూ 450 కడితే చాలు."

"అయితే సీతమ్మత్తకు నష్టం గదా?"

"డబ్బు ముందుగా అందినందుకు అది వడ్డీ లాంటిది. చివరిదాకా ఆగినవాళ్ళకు పూర్తిగా 5,000 వస్తుంది. వాళ్ళు కట్టేది అంతకు తక్కువే."

గోపి ఆలోచించాడు. "సీతమ్మత్త రేపటినుంచి కట్టడం మానేస్తే?"

"మిగిలిన ఎనిమిది నెలలూ ఆమె వాటా నేను పెట్టుకోవాలి. నేనూ పెట్టలేకపోతే చివరివాళ్ళు మునుగుతారు. అందుకే ఇద్దరిని జామీను ఉండమన్నాను," అని బామ్మ నోట్లు మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టసాగింది.