మూడు కాపీలున్నా ఒక్కటీ మిగల్లేదు: అసలు బ్యాకప్ అంటే ఏంటి?

అశోక్‌నగర్‌లో ఒక డీటీపీ షాపు ఉంది. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిందంటే అర్ధరాత్రి దాకా ప్రింటర్లు ఆగవు. పోయిన ఏడాది ఒక పొద్దున ఆ అన్న ఫోన్ చేసి "తమ్మీ, ఫైళ్ల పేర్లన్నీ మారిపోయినయ్, ఒక్కటీ ఓపెన్ అయితలేదు" అన్నాడు. వెళ్లి చూస్తే ప్రతి ఫోల్డర్‌లో `_readme.txt`. 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోపైతే 490. స్టాప్ అనే పాత రాన్సమ్‌వేర్ కుటుంబం ఇది, ఎక్కువగా క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. ఇక్కడా ఒక క్రాక్‌తోనే వచ్చింది.

"బ్యాకప్ ఉంది కదన్నా?" అంటే, మూడున్నాయన్నాడు. నిజంగానే ఉన్నాయి. సీపీయూకి ఎప్పుడూ తగిలించి ఉండే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, గూగుల్ డ్రైవ్ సింక్, విండోస్ దాచే పాత వెర్షన్లు. హార్డ్ డిస్క్ అంటే వైరస్‌కి ఇంకో డ్రైవ్ లెటరే, దాన్నీ లాక్ చేసింది. విండోస్ కాపీలను ఒక్క కమాండ్‌తో చెరిపేసింది. పాడైన ఫైళ్లని డ్రైవ్ బుద్ధిగా పైకి సింక్ చేసేసింది. పాత వెర్షన్లు అక్కడ 30 రోజులుంటాయి, కానీ వేల ఫైళ్లని ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పుతూ కూర్చోవాలి. రెండు రోజులు కూర్చుని అర్జంటువి మాత్రం లాగాం.

నా అభిప్రాయం ఇదే: కాపీలు ఎన్ని ఉన్నాయన్నది లెక్క కాదు. ఆ పీసీలో లాగిన్ అయినవాడు చెరపగలిగితే అది బ్యాకప్ కాదు. ఆ మూడు కాపీలూ ఒకే తాళంచెవి కింద ఉన్నాయి.

కొత్త ఏర్పాటు పెద్ద ఖర్చేం కాదు. రెండు హార్డ్ డిస్కులు. ఒకటి షాపు సొరుగులో, ఇంకోటి నారాయణగూడలో అన్న ఇంట్లో. సోమవారం మార్చుకుంటారు, రెండూ ఒకేసారి షాపులో ఉండవు. డిస్క్ తగిలించే ముందు నాలుగైదు పాత ఫైళ్లు తెరిచి చూడాలి. అవి తెరుచుకోకపోతే డిస్క్ తగిలించకూడదు, ఎందుకంటే వైరస్ ఉన్న పీసీకి పెడితే ఆఖరి మంచి కాపీ కూడా పోతుంది. కాపీ అవ్వగానే వైరు పీకేయాలి. బద్ధకించి రాత్రంతా వదిలేస్తే మళ్లీ మొదటికే.

వారం మధ్యలో చేసిన పని కోసం క్లౌడ్‌లో ఆబ్జెక్ట్ లాక్ పెట్టాం. ఇందులో రెండు మోడ్‌లుంటాయి. గవర్నెన్స్‌లో ప్రత్యేక అనుమతి ఉన్న అకౌంట్ లాక్ తీసేయగలదు. కంప్లయన్స్‌లో గడువు తీరేదాకా ఓనర్ కూడా ఫైల్ చెరపలేడు. మేం 30 రోజులు కంప్లయన్స్ పెట్టాం. దొంగ చేతికి కీ దొరికితే కొత్త చెత్త ఎక్కించగలడేమో గానీ, పాత వెర్షన్‌ని తాకలేడు. ఇబ్బంది కూడా ఉంది: పొరపాటున పెద్ద వీడియో ఎక్కించినా 30 రోజులు అద్దె కట్టాల్సిందే. వైరస్ వచ్చిన సంగతి 30 రోజుల్లోపు గమనించకపోతే ఈ రక్షణ కూడా తీరిపోతుంది. బ్యాకప్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టాం. పీసీలోనే ఉంటే అదీ లాక్ అవుతుంది కదా!

అసలు గుణపాఠం మాత్రం రీస్టోర్ టెస్ట్‌లో వచ్చింది. నెల తర్వాత నా లాప్‌టాప్‌కి హార్డ్ డిస్క్ పెట్టి ఇది కొట్టాను:

```
restic -r E:\backup check --read-data-subset=10%
restic -r E:\backup restore latest --target D:\test
```

మొదటిది డేటాలో పదో వంతు నిజంగా చదివి పాడైందేమో చూస్తుంది. ఎర్రర్ లేదు. రెండోది 210 జీబీ దించింది. సంతోషపడి ఒక పేజ్‌మేకర్ ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు. డీటీపీ తెలుగు చాలావరకు యూనికోడ్ కాదు, అను ఫాంట్లు. అవి `C:\Windows\Fonts`లో ఉంటాయి. మేం బ్యాకప్ చేసింది డీ డ్రైవ్ మాత్రమే! పచ్చటి టిక్ మార్క్ చూసి వదిలేసి ఉంటే ఇంకో దాడి రోజే తెలిసేది.

అప్పుడే టైమ్ కూడా లెక్కేశాం. 50 ఎంబీపీఎస్ లైన్ మీద అదే 210 జీబీ క్లౌడ్ నుంచి దించాలంటే ఏ ఆటంకం లేకున్నా తొమ్మిది గంటల పైనే. అందుకే ముందు హార్డ్ డిస్క్, తర్వాత వారం మధ్య పని మాత్రం క్లౌడ్ నుంచి అని క్రమం రాసుకున్నాం.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం వేరే లాప్‌టాప్‌లో యాదృచ్ఛికంగా ఐదు ఫైళ్లు తెరిచి, ఒక పేజీ ప్రింట్ తీస్తాం. ఆ ప్రింట్ మీద తేదీ వేసి గోడకి అంటిస్తాడు అన్న. పోయిన నెల కాగితం కనిపించలేదు. అడిగితే "చిక్కడపల్లి కోచింగోళ్ల ఆర్డర్‌లో పడి మర్చిపోయిన" అన్నాడు. అక్కడే నిలబడి చేయించాను. ఒక ఫాంట్ మళ్లీ మిస్సింగ్.