అవ్వ వేలిముద్ర గ్రూపులో ఎందుకు?

అచ్చంపేటలోని బ్యాంకు నుంచో, ఏదో ఆఫీసు నుంచో ఇంగ్లీషు కాగితం వస్తే పెంటలో అందరూ చదువుకున్న పిల్లల దిక్కే చూస్తరు. మనం వెంటనే ఫోటో తీసి, "అన్నా, దీంట్ల ఏముందో తెలుగుల చెప్పుండ్రి" అని వాట్సాప్ గ్రూపులో పెడతం. లేకుంటే తర్జుమా చేసే యాప్‌కు చూపిస్తం. సాయం మంచిదే. కానీ ఆ ఫోటోలో తర్జుమాతో పని లేనివి ఏమేం పోతున్నయో ఒకసారి చూడుండ్రి.

ఒక అవ్వ ఇచ్చిన కేవైసీ ఫారాన్ని బ్యాంకు వాపస్ పంపిందనుకుందాం. పైన పేరు, ఖాతా నంబరు, 12 అంకెల ఆధార్ నంబరు ఉంటయి. మూలకు ఆమె ఫోటో, కింద బొటనవేలి ముద్ర ఉంటయి. ఎందుకు వాపస్ వచ్చిందో చెప్పే ఇంగ్లీషు రాత మాత్రం రెండు లైన్లే: అడ్రసు సరిపోలేదు, కొత్త ఆధార్ జిరాక్స్ తెమ్మని. మనకు కావలసింది ఆ రెండు లైన్లు. మనం పంపేది మొత్తం కాగితం.

దీంతో నష్టమేంది? మన ఊర్లలో పెన్షన్, కూలి డబ్బులు వేలు పెట్టి తీసుకుంటరు కదా, ఆ పద్ధతికి మూడే కావాలె: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఏటీఎం కార్డు, పిన్, ఓటీపీ ఏదీ అడగదు. ఆ మూడూ అవ్వ కాగితం మీద ఒక్కచోటనే ఉన్నయి.

కాగితం మీది ముద్రతో ఏం చేస్తరని అనుకోవద్దు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజులు డౌన్‌లోడ్ చేసి, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర్ల మీద వేల సిమ్‌లు ఆన్ చేసి పోలీసులకు దొరికిండు. ఆ తర్వాత ఇదే ఉపాయంతో ఖాతాల్లో డబ్బులు తీసిన ముఠాలు కూడా పట్టుబడ్డయి. అసలు వేలేనా, నకలా అని చూసే ఏర్పాటు ఇప్పుడు పెట్టిండ్రు. అయినా దాని మీద భరోసా పెట్టి ముద్రను బయట తిప్పొద్దు. మీ ఫోన్‌లోని ఫోటోను జూమ్ చేయండి. ముద్రలో గీతలు విడివిడిగా కనబడితే ఆ ఫోటో ఎవరికీ పోవద్దు.

మరి ఎట్ల తీయాలె? ఫోటో తీసినంక నల్లగా పూయడం కాదు, తీయకముందే కాగితం మీద కాగితం కప్పండి. పైభాగం ఒక తెల్ల కాగితంతో, కిందిభాగం ఇంకోదానితో మూస్తే మధ్యలో ఆ రెండు లైన్లే మిగులుతయి. తర్వాత పూస్తే అసలు ఫోటో గ్యాలరీలోనే ఉంటది. పైగా ఫోన్‌లోని హైలైటర్ రంగు పలుచన, వెలుతురు పెంచితే కింది అంకెలు మళ్ల కనబడొచ్చు. ఆధార్ కార్డు మీది క్యూఆర్ కోడ్ కూడా కప్పాలె, దాంట్ల పేరు, అడ్రసు, ఫోటో దాగి ఉంటయి. రెండు లైన్లే అయితే ఫోటో కూడా వద్దు, టైప్ చేసి అడగండి.

డబ్బు ఏ ఖాతాలో పడ్డదో తెలుసుకునేందుకు నంబరే కావలసి వస్తే చివరి 4 అంకెలు చాలు. ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉడాయ్ వెబ్‌సైట్‌లో దొరుకుతది. అది సరిపోతదా అని ఆఫీసులో ముందే అడగండి.

ముఖాల సంగతీ అంతే. జాబ్ కార్డు మీద ఇంటిల్లిపాది ఫోటో ఉంటది. పోడు భూమి నోటీసును పట్టుకొని నిలబడ్డ మనిషితో సహా ఫోటో తీస్తే, ఆ భూమి కొట్లాటలో ఉన్నది ఎవరో గ్రూపంతా గుర్తుపడతది. నోటీసును బండ మీద పరిచి తీయండి. కాగితం ఎవరిదో, వాళ్లను అడిగినంకనే పంపండి.

ఇప్పటికే పోయిన ఫోటోలుంటే గ్రూపులో డిలీట్ చేయించండి. కానీ అప్పటికే ఎవరన్నా దాచుకుంటే అది పోదు. అందుకే ఉడాయ్ యాప్‌లో అవ్వ బయోమెట్రిక్ లాక్ చేయాలె. దీనికి ఆమె ఆధార్‌కు ఫోన్ నంబరు లింక్ అయి ఉండాలె, లేకుంటే ముందు ఆధార్ కేంద్రంలో చేయించండి. ఒక్క మాట మరువద్దు: లాక్ ఉన్నప్పుడు రేషన్ దుకాణంలో, పెన్షన్ దగ్గర వేలు పనిచేయదు. అక్కడికి పోయే రోజు తాత్కాలికంగా లాక్ తీసే పని మీదే. ఆమెకు చెప్పకుండా లాక్ పెడితే బియ్యం లేకుండ ఇంటికొస్తది.

పాస్‌బుక్ ఎంట్రీలలో AEPS అని రాసి, ఆ రోజు అవ్వ డబ్బులే తీయలేదంటే ఆలస్యం చేయొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.