నిద్ర పట్టని బడిపిల్లవాడికి ముందు కావలసింది సిరప్ కాదు, గడియారం

తొమ్మిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని ఒక దంపతులు ఇటీవల మా ఇంటికి వచ్చారు. "డాక్టరు గారూ, వీడికి రాత్రి పదకొండైనా నిద్ర పట్టదు. జలుబు సిరప్ ఒక చెంచా పడితే మాత్రం పడుకుంటున్నాడు. రోజూ వేయవచ్చునా? లేకపోతే మెలటోనిన్ గమ్మీలు తెప్పించమంటారా?" అని తండ్రి అడిగారు. వేయవద్దన్నాను. ఎందుకు వద్దన్నానో, బదులుగా ఏమి చేయించానో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ రద్దీ మధ్య నేనూ ఇలాంటి పిల్లలకు ప్రోమెథజైన్ సిరప్ రాసి పంపిన రోజులున్నాయి. కనుక ఈ విమర్శ మొదట నాకే వర్తిస్తుంది.

ముందుగా ఆ చెంచా సంగతి. జలుబు సిరప్‌లలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ప్రోమెథజైన్ వంటివి నిద్రకోసం తయారైన మందులు కావు. మత్తు వాటి దుష్ఫలితం. ఆ దుష్ఫలితాన్నే మనం చికిత్సగా వాడుకుంటున్నాము. కొద్ది రోజులకే శరీరం ఆ మత్తుకు అలవాటుపడుతుంది. అప్పుడు ఒక చెంచా రెండవుతుంది. మరునాడు తరగతిలో పిల్లవాడు మందంగా ఉంటాడు. కొందరు పిల్లల్లోనైతే మత్తుకు బదులు చికాకు, గంతులు ఎక్కువవుతాయి. ఇక గమ్మీలంటారా? 2023లో అమెరికాలో అమ్ముతున్న 25 రకాల మెలటోనిన్ గమ్మీలను పరీక్షించి, ఆ ఫలితాలను జామా వైద్య పత్రికలో ప్రచురించారు. వాటిలో 22 రకాల్లో మందు మోతాదు సీసాపై రాసినదానితో సరిపోలలేదు. ఒకదానిలో అసలు మెలటోనిన్ లేదు. మరొకదానిలో రాసినదానికి దాదాపు మూడున్నర రెట్లు ఉంది. పిల్లల సాధారణ నిద్రలేమికని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఒక్కటీ లేదన్న సంగతి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

మరి ఆ పిల్లవాడికి నిద్ర ఎందుకు పట్టడం లేదు? నిద్రను నడిపేవి రెండు శక్తులు. మెలకువగా ఉన్నకొద్దీ ఆకలిలా పెరిగే నిద్రావసరం ఒకటి. మెదడులోని జీవగడియారం రెండవది. రోజూ నిద్రపట్టే వేళకు ముందు రెండు మూడు గంటలు ఆ గడియారం మెదడును మరింత చురుకుగా ఉంచుతుంది. అంటే పదకొండుకు నిద్రపోవడానికి అలవాటుపడిన పిల్లవాడిని తొమ్మిదికే పడుకోబెడితే, అతడిని రోజులో అత్యంత చురుకైన వేళలో మంచమెక్కించినట్లే. రెండు గంటలు అటూ ఇటూ పొర్లుతాడు, నీళ్ళు అడుగుతాడు, భయమంటాడు, తిట్లు తింటాడు. కొన్ని నెలలు ఇలా గడిస్తే మంచమంటే మెలకువగా ఉండే చోటని అతడి మెదడు నేర్చుకుంటుంది. ఇది మొండితనం కాదు, నేర్చుకున్న అలవాటు. నేర్చుకున్నదాన్ని మరిపించే శక్తి ఏ సిరప్‌కూ లేదు.

ఆ తల్లికి ఒక గీతల నోటుపుస్తకం ఇచ్చి రెండు వారాలపాటు నాలుగు సంగతులు రాయమన్నాను: మంచమెక్కిన వేళ, నిద్రపట్టిన వేళ, లేచిన వేళ, పగటి కునుకు. సిరప్ అప్పటినుంచే మానిపించాను. పుస్తకం తిరిగి వచ్చేసరికి రోగం దానంతట అదే బయటపడింది. తొమ్మిదికి పడక, సగటున పదకొండుకు నిద్ర, బడి బస్సు కోసం ఉదయం ఆరుంబావుకు మెలకువ. బడినుంచి రాగానే సోఫాలో గంటన్నర నిద్ర. ఆదివారం తొమ్మిదిన్నర దాకా పడకే. సాయంత్రపు కునుకు రాత్రికి కావలసిన నిద్రావసరాన్ని తీర్చేస్తోంది. ఆదివారపు పడక జీవగడియారాన్ని వెనక్కు నెడుతోంది.

అప్పుడు నేను చెప్పిన మాటకు తల్లి తెల్లబోయింది. "అమ్మా, ఇకనుంచి వాణ్ణి పదకొండుకే పడుకోబెట్టండి" అన్నాను. చికిత్స అక్కడే మొదలవుతుంది. నిజంగా నిద్రపట్టే వేళకే మంచమెక్కిస్తే పడుకోగానే నిద్ర వస్తుంది, మంచానికీ నిద్రకూ తెగిన బంధం తిరిగి కలుస్తుంది. ఆదివారంతో సహా ఏడు రోజులూ ఆరుంబావుకే లేపాలి. సాయంత్రం కునుకు ఉండరాదు. ఆ వేళ ఆరుబయట ఆటకు పంపాలి. పడుకునే ముందు గంట సేపు ఫోను, టీవీ ఉండకూడదు, దీపాలు మందంగా ఉండాలి. మంచమెక్కి ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే కోప్పడకుండా బయటకు తెచ్చి, మసక వెలుతురులో కాసేపు కూర్చోబెట్టి, నిద్ర ముంచుకొచ్చాక మళ్ళీ పంపాలి.

వరుసగా మూడు రాత్రులు ఇరవై నిమిషాల్లోపే నిద్రపడితే పడక వేళను పదిహేను నిమిషాలు ముందుకు జరపాలి. పట్టకపోతే పాత వేళకే తిరిగి వెళ్ళాలి. పదకొండునుంచి తొమ్మిదుంబావుకు చేరాలంటే ఏడు మెట్లు, అంటే కనీసం ఇరవై ఒక్క రాత్రులు. ఈ పిల్లవాడికి అయిదు వారాలు పట్టింది. మొదటి వారం పగలు చిరాకుపడ్డాడు. అది ముందే చెప్పి ఉంచాను. రెండవ వారం ఆదివారం, "పసివాణ్ణి పడుకోనివ్వండి" అని నాయనమ్మగారు ఎనిమిదిన్నర దాకా లేపనివ్వలేదు. ఆ రాత్రి మళ్ళీ పదకొండున్నర అయింది. నోటుపుస్తకంలో ఆ వరుస చూపించాక ఆమే అలారం పెట్టే బాధ్యత తీసుకున్నారు. ఇప్పుడు తొమ్మిదుంబావుకు పడుకొని ఆరుంబావుకు లేస్తున్నాడు. ఆరునుంచి పన్నెండేళ్ళ పిల్లలకు తొమ్మిదినుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. ఆ కొలతకు అతడు చేరాడు.

ఈ పద్ధతి అందరికీ పనికిరాదు. గురకపెట్టే పిల్లవాడికి, నోటితో గాలి పీల్చే పిల్లవాడికి ముందు గొంతులోని టాన్సిల్స్‌ను, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్స్‌ను చూపించాలి. అలాంటి బిడ్డకు మత్తు సిరప్ ప్రమాదం కూడా. పడుకోగానే కాళ్ళు లాగుతున్నాయని, కుదురుగా ఉంచలేకపోతున్నానని చెప్పే పిల్లలకు ఫెరిటిన్ పరీక్ష చేయించి ఐరన్ లోపం ఉన్నదేమో చూడాలి. మూర్ఛవ్యాధి ఉన్న బిడ్డకు నిద్ర తగ్గితే ఫిట్స్ రావచ్చు. కనుక పడక వేళను ఇలా ఆలస్యం చేయకూడదు. ఆటిజం ఉన్న పిల్లల్లో మెలటోనిన్‌కు నిజమైన స్థానముంది. అయితే అందుకు ఐరోపాలో అనుమతి పొందిన మందును కూడా నిద్ర అలవాట్లు సరిదిద్దినా ఫలితం చాలనప్పుడే వాడాలని నిర్దేశించారు.

"రోగుల వరుస గుమ్మం దాటి ఉంటే ఇదంతా చెప్పే తీరిక ఎక్కడిది?" అని నా తోటి వైద్యులు అంటారు. నేను లెక్కపెట్టాను. నోటుపుస్తకంలో గీతలు గీసి చూపడానికి పది నిమిషాలు, రెండు వారాల తరువాత మరో పది నిమిషాలు. సిరప్ రాయడానికి అర నిమిషం చాలునన్నది నిజమే. కాని ఆ అర నిమిషంలో మనం నయం చేసేది మన వరుసనే, పిల్లవాడి నిద్రను కాదు. తల్లిదండ్రులు ఈసారి మందు అడిగే ముందు రెండు వారాల పుస్తకం తీసుకువెళ్ళండి. దాన్ని తెరిచి చూడకుండానే చీటీ రాసే వైద్యుణ్ణి, "ఇది దేనికి?" అని నిలదీయండి.